నిన్నటి దాకా ఈసీ

ఇంటి ఓనరు కొడుక్కి పెళ్ళి కుదిరింది. మేడమీది వాటా ఇక వాళ్ళకే కావాలన్నారు. ఆ మాట విన్నప్పుడు స్తుతికి కోపం కూడా రాలేదు. "అలాగేనండి" అని కిందికి దిగి, స్కూటీ తీసుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది. పొదిలి వచ్చాక మారబోయేది అయిదో ఇల్లు. ప్రతిసారీ బీరువా మెట్ల మలుపులో ఇరుక్కుంటుంది. ప్రతిసారీ గ్యాసుకు అడ్రసు మార్పించుకోవాలి. పిల్ల బడి బస్సు ఎక్కే చోటు మారుతుంది. కొత్త ఇంటివాళ్ళు నీళ్ళ ట్యాంకరు గురించి చెప్పే షరతులు మళ్ళీ మొదటి నుంచి వినాలి.

స్తుతి ఏఎన్ఎం. పొదిలి చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి పసిపిల్లలకు టీకాలు వేస్తుంది, ముసలివాళ్ళకు బీపీ, షుగరు చూస్తుంది. భర్త జయపాల్ పత్తి జిన్నింగు మిల్లులో సూపర్‌వైజరు. సీజనులో అతను ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద కూడా నూగు ఉంటుంది. ఇద్దరి అమ్మానాన్నలూ ఒకరి చేలో మిరపకాయలు కోసి బతికినవాళ్ళే. దస్తావేజు ఎలా ఉంటుందో ఆ రెండు కుటుంబాల్లో ఎవరూ చూసి ఎరగరు.

ఆమె తిరిగే ఊళ్ళలో తూర్పుపాలెం ఒకటి. అక్కడ వెంకటేశ్వరమ్మ అనే పెద్దావిడకు నెలనెలా బీపీ బిళ్ళలు ఇచ్చి వస్తుంది. ఆవిడకు పిల్లల్లేరు. భర్త చెంచురామయ్య పోయి ఆరేళ్ళయింది. మోకాళ్ళు అరిగిపోయి, మంచం కోడు పట్టుకుంటే గానీ లేవలేదు. మరిది కొడుకు ఉదయ్ కుమార్ అదే వీధిలో ఉంటాడు. బియ్యం తెచ్చిపడేసేదీ, కరెంటు బిల్లు కట్టేదీ, ఆస్పత్రికి బండి మీద తీసుకెళ్ళేదీ అతనే.

ఆ రోజు బీపీ పట్టీ విప్పుతుంటే ఆవిడ అడిగింది.

"నర్సమ్మా, రోడ్డు పక్కన మాకు ఆరు సెంట్లుంది తెలుసా?"

"ఎక్కడ మామ్మా?"

"మిరప కల్లాల పక్కన. మా ఆయన ఎప్పుడో కొన్నాడు, ఇల్లు కడదామని. కట్టలేదు. ఇంకెవరి కోసం ఉంచుకోను? అమ్మేసి మోకాళ్ళు బాగుచేయించుకుంటా. కొనేవాళ్ళెవరన్నా ఉంటే చెప్పు."

స్తుతి తిరిగి వెళ్తూ బండి ఆపి చూసింది. పక్క కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఘాటుకు తుమ్ములొచ్చాయి. కరెంటు స్తంభం ఉంది, పిల్ల బడి బస్సు ఆ రోడ్డునే పోతుంది. చాలాసేపు అక్కడే నిలబడింది.

జయపాల్ ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి చూశాడు. అతనికీ నచ్చింది. వెంకటేశ్వరమ్మ చెప్పిన ధర వాళ్ళకు అందేదే. ఆవిడ ట్రంకు పెట్టెలోంచి కొన్ని జిరాక్సులు తీసి చేతికిచ్చింది. చెంచురామయ్య పేరున ఉన్న క్రయ దస్తావేజు ఒకటి, ఈసీ ఒకటి.

"ఈసీ కూడా ఉంది చూసుకోండి. మా స్థలం మీద ఒక్క గీత లేదు" అంది ఆవిడ.

ఈసీ అంటే ఆ స్థలం మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు, దానాలు అన్నీ చూపించే కాగితమని జయపాల్‌కు మిల్లులో ఎవరో చెప్పారు. చెంచురామయ్య కొన్న అమ్మకం తప్ప అందులో ఇంకేమీ లేదు.

"క్లీన్‌గా ఉంది. శనివారం పాస్టరు గారితో ప్రార్థన చేయించి అడ్వాన్సు ఇచ్చేద్దాం" అన్నాడు.

"ఎవరికన్నా చూపిద్దామండీ ఒకసారి."

"చూపించడానికేముంది? ఆవిడ నీకు తెలిసిన మనిషే కదా."

"తెలిసిన మనిషే. కాగితం మనకు తెలియదు కదా" అంది స్తుతి. ఆమెకు వాదించే ఓపిక లేదు. జయపాల్‌కూ లేదు. సరే, చూపిద్దామన్నాడు.

కోర్టు ఎదురుగా చిన్న గదిలో లాయరు నజ్మీన్ కూర్చుంటుంది. యాభై దాటిన మనిషి. వీళ్ళు వెళ్ళేసరికి మధ్యాహ్నం భోజనం సగంలో ఆపి ఎవరికో అఫిడవిట్ చదివి వినిపిస్తోంది. అది ముగించి, చేయి కడుక్కుని, జిరాక్సులు తిరగేసింది.

"మొదటిసారి కొంటున్నారా?"

"అవును మేడమ్."

"సరే. ఈ ఈసీ ఎప్పటిదో చూశారా?"

"1983 నుంచి అని ఉంది మేడమ్" అన్నాడు జయపాల్ వెంటనే.

"మొదలు చూశారు. చివర చూడండి."

స్తుతి వంగి చూసింది. వెతికిన కాలం మూడేళ్ళ క్రితం ఒక తేదీతో ఆగిపోయింది.

"ఈసీ ఏ తేదీ దాకా అడిగితే ఆ తేదీ దాకే ఇస్తారు" అంది నజ్మీన్. "ఆ మర్నాడే ఆవిడ ఎవరికన్నా రాసిచ్చినా ఈ కాగితంలో కనపడదు. మీరు కొనేది ఇవాళ. మీకు నిన్నటి దాకా ఈసీ కావాలి. అదీ మీరే తీయించుకోవాలి, అమ్మేవాళ్ళు ఇచ్చింది కాదు."

"ఆవిడ అట్లాంటి మనిషి కాదు మేడమ్" అన్నాడు జయపాల్.

"ఎవరూ అట్లాంటివాళ్ళు కాదండీ. ఇరవై ఆరేళ్ళ నుంచి నా దగ్గరికొచ్చిన వాళ్ళందరూ మంచివాళ్ళ దగ్గరే కొన్నారు." ఆమె గొంతులో వెటకారం లేదు, అలసట ఉంది. "నేను మనిషిని చూడటం లేదు, స్థలాన్ని చూస్తున్నా."

తర్వాత ఒక్కొక్కటే అడిగింది. దస్తావేజు చెంచురామయ్య పేరున ఉంది, అమ్మేది భార్య. ఆయన వీలునామా ఏమన్నా రాశాడా? పిల్లలు లేరు సరే, ఆయన పోయేనాటికి ఆయన తల్లి బతికి ఉందా?

"తల్లి ఎందుకు మేడమ్?" అంది స్తుతి.

"వీలునామా లేకుండా పోతే, ఆయన సొంతంగా కొన్న ఆస్తిలో భార్యతో పాటు తల్లికీ సమానంగా వాటా వస్తుంది. ఆ తల్లి తర్వాత ఆ వాటా ఆమె మిగతా పిల్లలకు పోతుంది. అప్పుడు ఆవిడ ఒక్కతే సంతకం పెడితే మీకు సగమే వచ్చినట్టు."

"అత్తగారు ముందే పోయారు. మామ్మ చెప్పింది నాకు."

"చెప్పడం కాదు. మరణ ధ్రువపత్రాలు, తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువపత్రం చూడాలి." ఆమె దస్తావేజులో ఒకచోట పెన్నుతో చిన్న చుక్క పెట్టింది. "చెంచురామయ్య గారు 1991లో కొన్నారు. ఆయనకు అమ్మినతను 1978లో కొన్నట్టు ఇందులో రాశారు. ఆ పాత దస్తావేజు లింకు డాక్యుమెంటు. అది కావాలి. అతనికి హక్కు లేకపోతే ఈయనకూ రాదు, మీకూ రాదు. కంప్యూటరులో దొరికేది 1983 తర్వాతవే. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పాత పుస్తకాల్లో వెతికించాలి."

జయపాల్ గోడ గడియారం వైపు చూశాడు. సెకండ్ షిఫ్టుకు పోవాలి.

"ఈసీ క్లీన్‌గా వస్తే సరిపోతుందా మేడమ్?"

"సరిపోదు. రిజిస్టరు కాని అగ్రిమెంటు అందులో రాదు. కోర్టులో కేసు నడుస్తుంటే రాదు. కొన్ని సొసైటీ అప్పులు రావు. సర్కారు నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో వేరేగా చూడాలి, ఉంటే రిజిస్ట్రేషనే అవదు. మెట్ట పొలాన్ని ఇళ్ళ స్థలం కింద మార్చారా లేదా చూడకపోతే రేపు మీకు ఇంటి ప్లాను ఇవ్వరు. సర్వేయరు వచ్చి కొలిస్తే గానీ ఆ ఆరు సెంట్లు ఆరు సెంట్లే అని తెలీదు." ఇంత చెప్పి వాళ్ళ మొహాలు చూసింది. "భయపెట్టడానికి కాదమ్మా. అన్నీ ఒక్కరోజులో కావు. ముందు రెండే చేయండి. ఈసీకి అప్లికేషను పెట్టండి. దస్తావేజు ఒరిజినల్ నాకు చూపించండి. అప్పటిదాకా ఒక్క రూపాయి ఇవ్వొద్దు."

బయటికొచ్చాక జయపాల్ టీ తాగి పోదామన్నాడు. టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని, "ఇంత ఉంటే ఎవరు కొంటారు స్తుతీ స్థలాలు?" అన్నాడు.

"అందరూ కొంటున్నారుగా."

"చూసుకోకుండానే కొంటున్నారేమో."

ఈసీకి స్తుతి దరఖాస్తు పెట్టింది. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు వైపుల హద్దులు రాసింది. ముప్పై ఏళ్ళు దాటి వెనక్కి, ఇటు నిన్నటి వరకు అని అడిగింది. తర్వాత తూర్పుపాలెం వెళ్ళి ఒరిజినల్ కావాలని చెప్పింది. వెంకటేశ్వరమ్మ ఏమీ అనుకోలేదు. ట్రంకు పెట్టె తెరిపించి, పాత చీర మడతలోంచి కవరు తీసింది.

"మా ఆయన ప్రాణం ఇందులోనే ఉండేది. జాగ్రత్తమ్మా."

ఆ కవరుతో పాటు ఆవిడ కూడా లాయరు దగ్గరికి వచ్చి ఉంటే బాగుండేదని స్తుతి తర్వాత అనుకుంది. ఆవిడ మోకాళ్ళు రానివ్వలేదు. నజ్మీన్ ఆ కాగితాలను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చూసింది. సీలు మీద వేలితో రుద్దింది. వెనక్కి తిప్పింది.

"ఇది కలర్ జిరాక్సు."

"కాదు మేడమ్, స్టాంపు బొమ్మ కూడా ఉంది."

"బొమ్మ ఉంది. స్టాంపు కాగితం లేదు. ముప్పై ఏళ్ళు దాటిన కాగితం ఇలా ఉండదు, మడతల దగ్గర చిరగాలి. ఇక్కడ చూడండి, మడత గీత ఉంది గానీ అది అచ్చు పడింది. కాగితం అసలు మడవలేదు." ఆమె వాటిని కవరులో పెట్టి తిరిగి ఇచ్చింది. "ఒరిజినల్ ఆవిడ దగ్గర లేదు. ఎక్కడుందో ఆవిడకు తెలుసో లేదో కూడా మనకు తెలియదు. ఈసీ రానివ్వండి."

ఈసీ వచ్చిన రోజు స్తుతి టీకాల డ్యూటీలో ఉంది. అంగన్‌వాడీ అరుగు మీద కూర్చుని ఫోనులో తెరిచి చూసింది. 1991 అమ్మకం పైన ఉంది. దాని కింద రెండేళ్ళ క్రితం నాటి సెటిల్‌మెంట్ దస్తావేజు. రాసిచ్చినవారు వెంకటేశ్వరమ్మ, పుచ్చుకున్నవారు ఉదయ్ కుమార్. దాని కింద ఇంకొకటి. ఉదయ్ కుమార్ ఒక బ్యాంకు దగ్గర ఆ దస్తావేజులు తనఖాగా పెట్టినట్టు.

ఆమె నజ్మీన్‌కు ఫోను చేసింది.

"సెటిల్‌మెంట్ అంటే కుటుంబంలో ఒకరికి ఊరికే రాసిచ్చేయడం" అంది నజ్మీన్. "ఆవిడ రెండేళ్ళ క్రితమే ఆ స్థలం వదులుకుంది. ఇప్పుడు ఆవిడ మీకు అమ్మడానికి ఏమీ లేదు. ఒరిజినల్ బ్యాంకులో ఉంటుంది."

"మరి పంచాయతీలో, రెవెన్యూలో ఆవిడ పేరే ఉంది కదా మేడమ్?"

"పేరు మార్పించుకోకపోతే పాత పేరే ఉంటుంది. అక్కడ పేరున్నంత మాత్రాన హక్కు ఉన్నట్టు కాదు." మళ్ళీ తనే అడిగింది. "ఆవిడకు తెలిసే మీకు అమ్మజూపిందంటారా?"

"తెలియదు మేడమ్. ఆవిడకు తెలిస్తే ఆ కాగితాలు అంత భద్రంగా తీసి ఇవ్వదు."

"అయితే మీరే చెప్పాల్సి వస్తుంది" అంది నజ్మీన్.

స్తుతి ఫోను పెట్టేసి ఆలోచించింది. చెప్పకుండా ఊరుకోవచ్చు. 'మాకు కుదరలేదు మామ్మా' అంటే సరిపోతుంది. ఆవిడ ఇంకొకరికి చెప్తుంది. వాళ్ళు చూసుకోకుండా అడ్వాన్సు ఇస్తారు. ఆ తర్వాత పోలీసులు ఆవిడ గుమ్మం ముందుకే వస్తారు.

మర్నాడు జయపాల్ సెలవు పెట్టాడు. ఇద్దరూ కలిసి వెళ్ళారు. వెంకటేశ్వరమ్మ వసారాలో పచ్చి కందికాయలు ఒలుస్తోంది. స్తుతి పక్కనే కింద కూర్చుంది.

"మామ్మా, రెండేళ్ళ క్రితం ఉదయ్ కుమార్‌తో పొదిలి రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళావా?"

"రిజిస్ట్రారు ఆఫీసుకా? లేదే."

"ఏదన్నా ఆఫీసుకు? ఫొటో తీశారా? మిషను మీద వేలు పెట్టించారా?"

"ఆ, అదా. పింఛనుకు వేలిముద్రలు పడటం లేదని, కొత్తగా వేయాలని తీసుకెళ్ళాడు. కారు మాట్లాడుకొచ్చాడు పాపం, నా మోకాళ్ళ కోసం. ఫొటో తీశారు, వేళ్ళు పెట్టించారు, సంతకాలు పెట్టమన్నారు. వచ్చేటప్పుడు నిమ్మకాయ సోడా తాగించాడు." ఆవిడ చేతిలో కందికాయ అలాగే ఉండిపోయింది. "ఎందుకడుగుతున్నావు?"

స్తుతి చెప్పింది. ఎలా చెప్పాలో తెలియక మామూలు మాటల్లోనే చెప్పింది. ఆ రోజు పెట్టిన వేలిముద్రలు పింఛనుకు కావు, స్థలం ఉదయ్ కుమార్‌కు రాసిచ్చినట్టు రిజిస్టరయింది, అతను దాన్ని బ్యాంకులో పెట్టి అప్పు తీసుకున్నాడు.

ఆవిడ ముందు నవ్వింది. తర్వాత, "దస్తావేజు నా పెట్టెలోనే ఉందిగా!" అంది.

"అది జిరాక్సు మామ్మా. అసలుది బ్యాంకులో ఉంది."

"నీకెవరు చెప్పారు? ఆ లాయరమ్మా? ధర తగ్గించడానికి చెప్పే మాటలు ఇవన్నీ." ఆవిడ గొంతు లేచింది. "ఇష్టం లేకపోతే మానుకోండి. మా పిల్లాడి మీద నింద వేస్తే ఊరుకోను. రేపు నేను పోతే కొరివి పెట్టేది వాడు, నువ్వు కాదు."

జయపాల్ ఈసీ కాగితం తీసి చూపించబోయాడు. స్తుతి వద్దని సైగ చేసింది. అప్పటికే పక్కింటివాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. ఎవరో పిలిచినట్టున్నారు, ఉదయ్ కుమార్ కూడా వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. మిరప నారు పెంచే షెడ్డులోంచి అలాగే వచ్చినట్టున్నాడు, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఉంది, చేతులకు మట్టి.

"ఏందిరా ఇది, ఉదయ్? వీళ్ళేందో అంటున్నారు. స్థలం నీ పేరు మీద ఉందంట!"

అతను జయపాల్ చేతిలో కాగితాన్ని చూశాడు. ఒక్క క్షణం ఆగాడు. ఆ ఒక్క క్షణంలోనే ఆవిడకు అంతా అర్థమైందని స్తుతికి తెలిసింది.

"ఎటూ నీ తర్వాత నాకే కదా పెద్దమ్మా" అన్నాడు ఉదయ్ కుమార్. "నారుకు ఎండ తగలకుండా షేడ్‌నెట్ వేయడానికి లోను కావాలంటే బ్యాంకోళ్ళు నా పేరున ఆస్తి అడిగారు. తీర్చేస్తా. నీ స్థలం ఎక్కడికీ పోదు."

"మరి నాకో మాట చెప్తే ఏం పోయిందిరా?"

"చెప్తే సంతకం పెట్టేదానివా?"

"పెట్టేదాన్నేమో" అంది వెంకటేశ్వరమ్మ. "అడిగితే పెట్టేదాన్నేమో. నువ్వు అడగలేదుగా."

అతను స్తుతి వైపు తిరిగి, "మీకు సంతోషమేనా ఇప్పుడు? బీపీ చూసుకోవడానికి వచ్చేవాళ్ళు బీపీ చూసుకుని పోవాలి" అని వెళ్ళిపోయాడు.

ఆవిడ స్తుతిని కూడా వెళ్ళిపొమ్మంది. కోపంగా కాదు, మామూలుగానే. "పోండమ్మా. నాకు తల తిరుగుతోంది" అంది. బీపీ చూస్తానన్నా చెయ్యి ఇవ్వలేదు.

దారిలో జయపాల్ బండి నడుపుతూ అన్నాడు. "శనివారం అడ్వాన్సు ఇచ్చి ఉంటే?"

స్తుతి అతని వీపుకు నుదురు ఆనించి కళ్ళు మూసుకుంది. డబ్బు మిగిలిందన్న సంతోషం వెతుక్కుంది గానీ దొరకలేదు.

వాళ్ళు అయిదో ఇంటికి మారారు. బీరువా మళ్ళీ ఇరుక్కుంది. ఆ నెల వెంకటేశ్వరమ్మకు బిళ్ళలు ఇవ్వడానికి స్తుతి తాను వెళ్ళలేదు. ఆశా కార్యకర్తతో పంపించింది. ఆ మరుసటి నెల ఆవిడ ఆటో మాట్లాడుకుని తానే సబ్‌సెంటరుకు వచ్చింది. దిగడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది.

"ఆ లాయరమ్మ దగ్గరికి తీసుకెళ్ళు" అంది.

నజ్మీన్ అప్పటికే ఆ సెటిల్‌మెంటు దస్తావేజుకు సర్టిఫైడ్ కాపీ తీయించి పెట్టింది. ఆవిడను కూర్చోబెట్టి నెమ్మదిగా చదివి వినిపించింది. అందులో ఒకచోట, 'నా జీవితకాలం నన్ను పోషించి, వైద్య సదుపాయాలు చూచుకొను షరతుపై' అని ఉంది.

"లేఖరి అలవాటుగా రాసిన మాట అది, కానీ మనకు పనికొస్తుంది" అంది నజ్మీన్. "చూసుకునే షరతు మీద రాయించుకుని చూసుకోకపోతే, అరవై దాటినవాళ్ళు ఆర్డీఓ దగ్గర అర్జీ పెట్టి రద్దు కోరొచ్చు. మోసం చేసి సంతకం పెట్టించారని సివిల్ కోర్టులో కూడా వేయొచ్చు. దానికి మీకు తెలిసిన రోజు నుంచి మూడేళ్ళే గడువు. ఏదైనా సులువు కాదు. బ్యాంకు మధ్యలో ఉంది, వాళ్ళ మాట కూడా వింటారు."

"వాడు బియ్యం తెస్తూనే ఉన్నాడమ్మా" అంది వెంకటేశ్వరమ్మ.

"మోకాళ్ళు?"

"మోకాళ్ళ సంగతి ఎత్తితే ఈ వయసులో ఎందుకంటాడు."

"అది రాస్తాను" అంది నజ్మీన్.

అర్జీ పెట్టారు. నోటీసు వెళ్ళిన రోజు నుంచి ఉదయ్ కుమార్ బియ్యం తేవడం మానేశాడు. ఆవిడ పక్కింటి పిల్లతో తెప్పించుకుంది. వాయిదాలకు స్తుతి కుదిరినప్పుడు తోడు వెళ్ళింది, కుదరనప్పుడు జయపాల్ వెళ్ళాడు. ఆర్డీఓ ఆఫీసు వరండాలో వెంకటేశ్వరమ్మ, ఉదయ్ కుమార్ ఒకే బెంచీ మీద ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చునేవాళ్ళు. ఒకసారి ఆవిడ లేవలేకపోతే అతనే వచ్చి చెయ్యి పట్టుకుని లేపాడు.

చివరకు అధికారి ముందు అతను ఒప్పుకున్నాడు. లోను తీర్చేసి, బ్యాంకు తనఖా విడిపించి, ఇద్దరూ కలిసి సెటిల్‌మెంటు రద్దు దస్తావేజు రిజిస్టరు చేయించుకోవాలని రాసుకున్నారు. ఆ యేడు మిరప ధర పడిపోయింది. నారు కొన్నవాళ్ళు అతనికి బాకీ పడ్డారు. లోను తీరడానికి ఇంకో సీజను పట్టింది.

ఈలోగా స్తుతి, జయపాల్ వేరే స్థలాలు చూశారు. ఒకటి చవగ్గా వచ్చింది. నంబరు చూస్తే నిషేధిత జాబితాలో ఉంది, పేదలకు ప్రభుత్వం ఎప్పుడో ఇచ్చిన భూమి, అమ్మకూడదు. ఇంకొకటి కాగితాల దాకా బాగానే ఉంది, లేఅవుటుకు అనుమతి లేదు. అమ్మేవాడు "అందరూ కొంటున్నారండీ" అన్నాడు. జయపాల్ నమస్కారం పెట్టి వచ్చేశాడు. మొదట్లో ఒక్కో స్థలం పోయినప్పుడల్లా అతను చిరాకుపడేవాడు. తర్వాత చిరాకు కూడా పోయింది.

మరుసటి వేసవిలో రద్దు దస్తావేజు రిజిస్టరయింది. స్తుతి మళ్ళీ ఈసీ తీయించింది. ఈసారి అందులో సెటిల్‌మెంటు ఉంది, తనఖా ఉంది, తనఖా విడుదల ఉంది, రద్దు ఉంది. నజ్మీన్ చదివి, "ఇప్పుడు అమ్మే హక్కు ఆవిడకు ఉంది. మీరు కొనేటట్టయితే ఆ అబ్బాయితో కూడా తనకు అభ్యంతరం లేదని అందులోనే సంతకం పెట్టించుకోండి" అంది. బ్యాంకు నుంచి వచ్చిన ఒరిజినల్ కూడా చూసింది. మడతల దగ్గర చిరిగి ఉంది. టేపు అంటించి ఉంది.

స్తుతి తూర్పుపాలెం వెళ్ళింది. కల్లాల్లో కాయలు ఎత్తేశారు, రోడ్డంతా ఎర్రటి తొక్కలు. వెంకటేశ్వరమ్మ అదే వసారాలో కూర్చుని ఉంది. స్తుతి బీపీ చూసింది, ఎక్కువగానే ఉంది. బిళ్ళలు మార్చాలేమో డాక్టరుకు చూపిస్తానంది. తర్వాత బీపీ పట్టీ నెమ్మదిగా చుట్టింది.

స్థలం మాట ఆవిడే ఎత్తింది.

"నువ్వు తిరిగావు నా కోసం. నాకు తెలుసు. నీకే ఇవ్వాలని ఉంది" అంది. "కానీ ఇప్పుడిప్పుడే నాదయిందమ్మా. మా ఆయన కొన్నప్పటి నుంచి ఆ స్థలం నాదని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఆయనదనుకున్నా, తర్వాత ఎవరిదో అవుతుందనుకున్నా. చేతిలోంచి పోయాక తెలిసింది నాదని. కొన్నాళ్ళు నా పేరు మీద ఉండనీ."

"మరి మోకాళ్ళు మామ్మా?"

"ఇన్నాళ్ళు నడవలా?"

స్తుతి తల ఊపింది. కోపం వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. ఆవిడ మాట న్యాయమేననిపించింది, తన ఏడాది పోయిందనీ అనిపించింది. రెండూ ఒకేసారి నిజమే.

"ఉదయ్ వస్తున్నాడా?"

"నిన్న వచ్చాడు. గుమ్మంలో నిలబడి కరెంటు బిల్లు కట్టానని చెప్పి పోయాడు. లోపలికి రాలేదు." ఆవిడ చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. "వస్తాడులే. వాడికి మాత్రం ఎవరున్నారు?"

స్తుతి బ్యాగు సర్దుకుని లేచింది. ఇంకా మూడిళ్ళు చూడాలి. చివరి ఇంట్లో బాలింతకు జ్వరం. ఆ పనంతా అయ్యాక రోడ్డు మీదకొచ్చి జయపాల్‌కు ఫోను చేసింది. మిల్లు మిషన్ల చప్పుడులో అతని గొంతు సరిగా వినపడలేదు.

"ఇవ్వనందండీ" అని గట్టిగా చెప్పింది.

"ఏమంది?"

"ఇవ్వనంది. కొన్నాళ్ళు తన పేరు మీదే ఉంచుకుంటానంది."

అతను మిషన్లకు దూరంగా వచ్చినట్టున్నాడు. చప్పుడు తగ్గింది.

"సరే" అన్నాడు. "బియ్యం అయిపోయాయన్నావుగా, వచ్చేటప్పుడు తీసుకురానా?"

"తీసుకురండి" అంది స్తుతి.